వాయిదా అనే మాట

మన కళాశాల వార్షిక సంచిక ఒక వైపు నుండి ఉర్దూగాను, మరొక వైపు నుండి తెలుగుగాను తెరుచుకొనుట పాఠక మిత్రులకు విదితమే. ఈ రెండు భాషలూ నడిమి పుటలలో కలుసుకొనుటకు ఎంతో ముందే అప్పుల పుస్తకంలో కలుసుకున్నవి. అసలు, వసూలు, బాకీ, జమ, ఖర్చు, మాఫీ, వాయిదా – ఈ మాటలన్నీ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి, మన ఇళ్ళలో కూరగాయల పేర్ల వలె స్థిరపడినవే. వీటిలో చివరి రెండు మాటల మధ్యనున్న దూరమెంతో తెలుసుకొనుటకు మాకు ఒక వరద, రెండు ఉత్తరాలు, మూడు మాసాల కాలము పట్టినవి. ఆ సంగతిని కామర్సు విద్యార్థులకు ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఇక్కడ వ్రాస్తున్నాము.

మేము ఇద్దరు అన్నదమ్ములము. ఇద్దరమూ ఈ కళాశాలలోనే బి.కాం. చదివినవారము. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా అబ్బా నలభై కుర్చీలతో నడిపిన భోజన హోటలును మేము చేపట్టి, వంటగదిని విస్తరించుటకు 2022 సెప్టెంబరులో ఒక బ్యాంకు నుండి 15 లక్షల రూపాయల అప్పు తీసుకొన్నాము. వడ్డీ నూటికి 11, గడువు 60 నెలలు, నెలకు కట్టవలసినది 32,614 రూపాయలు. 2022 అక్టోబరు 5వ తేదీ మొదలు 2024 ఆగస్టు 5వ తేదీ వరకు ఇరువది మూడు వాయిదాలు ఒక్కటైనా తప్పక కట్టినాము. అప్పటికి మిగిలిన అసలు సుమారు 10 లక్షల 19 వేలు.

తరువాత బుడమేరు వచ్చినది.

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని పెద్దలు ఎందుకన్నారో పుస్తకంలో చదువుట వేరు, మోకాలిలోతు నీటిలో నిలబడి తెలుసుకొనుట వేరు. మైలవరం కొండలలో పుట్టి కొల్లేటికి పోయే ఈ వాగు వరదను వెలగలేరు వద్ద మళ్ళించి, కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వానకు వాగూ పొంగినది, కృష్ణా పొంగినది. సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటినది. నదియే నిండియున్నప్పుడు కాలువ నీటిని ఎవరు పుచ్చుకొంటారు? మళ్ళింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి ఆ నీరంతా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల మీదికి మళ్ళినది. సైన్యము తోడ్పాటుతో చివరి గండి పూడినది సెప్టెంబరు 7న.

మా హోటలులో నీరు గల్లాపెట్టె బల్లను దాటి నిలిచినది. వారం తరువాత తలుపు తీసి చూస్తే రెండు పెద్ద ఫ్రీజర్లు వెల్లకిలా తేలి గోడకు ఆని ఉన్నవి. బియ్యపు బస్తాలు ఉబ్బి చీలినవి. గ్రైండరు మోటారులో బురద గట్టిపడినది. సెప్టెంబరు 5వ తేదీ వాయిదా సంగతి ఆనాడు మా ఇద్దరిలో ఏ ఒక్కరికీ జ్ఞాపకమైనా రాలేదు.

సెప్టెంబరు 16న మా మొదటి ఉత్తరము వ్రాసినాము. దాని నకలు మా వద్ద నేటికీ ఉన్నది. దానిలోని ముఖ్య భాగమిది:

“మేము వరదలో సర్వస్వమూ కోల్పోయి దిక్కుతోచని స్థితిలో ఉన్నాము. మా తండ్రిగారి కాలము నుండి నిజాయితీగా వ్యాపారము చేయుచున్నాము. కావున దయతో మా బాకీని మాఫీ చేయవలసినదిగా, లేదా వీలైనంత ఎక్కువ కాలము గడువు ఇవ్వవలసినదిగా ప్రార్థించుచున్నాము.”

బ్రాంచి మేనేజరు గారు దానిని శ్రద్ధగానే చదివినారు. చదివి, బల్ల మీద పెట్టి ఇట్లన్నారు: “బాబూ, మీ బాధ నాకు తెలుసు. మా స్టాఫులో ముగ్గురి ఇళ్ళు మునిగినవి. కాని ఈ కాగితము మీద నేను ఏమని నోటు వ్రాయాలి? మాఫీ చేసే అధికారము నాకు లేదు. ‘వీలైనంత ఎక్కువ కాలము’ అంటే ఎన్ని నెలలు? నెలకు ఎంత కడతారు? దేనిలో నుంచి కడతారు? ఈ మూడూ లేకపోతే ఇది వినతిపత్రమే గాని ప్రతిపాదన కాదు.”

మాకు కోపము వచ్చినదని ఒప్పుకొనక తప్పదు. ఇంటికి వచ్చి అబ్బాతో, “మునిగినవాణ్ణి లెక్కలు అడుగుతున్నారు” అన్నాము. ఆయన వరండాలో ఖాతా పుస్తకాలను ఎండబెట్టుకొంటూ, తల ఎత్తకుండానే, “మీరు మాఫీ ఎందుకు అడిగారు బేటా? మాఫీ అంటే తప్పు చేసినవాడు అడిగేది. మీరు తప్పు చేయలేదు. మీరు అడగవలసింది వాయిదా. మన ఉర్దూలో వాయదా అంటే గడువు కాదు, మాట ఇవ్వడం. మాట ఇచ్చేవాడు ఏ తారీఖున, ఎంత అని చెప్పాలి గదా” అన్నారు.

తెలుగులో వాయిదా అంటే కిస్తీ అనీ అర్థమే, వెనుకకు నెట్టుట అనీ అర్థమే. ఆ రెంటికీ మూలమైన అర్థము వాగ్దానమని అంతవరకు మేము ఆలోచించి ఉండలేదు. రెండవ ఉత్తరము అక్కడ మొదలైనది. అయితే అది పూర్తగుటకు ఏడు వారాలు పట్టినది. ఎందువలననగా, రుజువు చూపుటకు ముందు రుజువు పుట్టవలెను గదా.

సెప్టెంబరు 25న ఒక్క పొయ్యితో పొట్లాల అమ్మకము మాత్రమే తిరిగి ప్రారంభించినాము. అక్టోబరు 7, సోమవారము నాడు కుర్చీలు వేసినాము. ఆ రోజు నుండి అన్న ప్రతి రాత్రి గల్లా లెక్కను మూడు వరుసలుగా వ్రాసినారు: బల్లల వద్ద అమ్మకము, పొట్లాల అమ్మకము, సహాయ బృందాల మొత్తపు ఆర్డర్లు. ఈ మూడవ వరుసను విడదీయుట అన్నకు తోచిన ఆలోచనే. బురద తీయుటకు వచ్చిన పారిశుద్ధ్య కార్మికులకు, స్వచ్ఛంద సంస్థలవారికి ఆ రోజులలో వందల పొట్లాలు అమ్మినాము. అది మంచి ఆదాయమే. కాని బురద పోగానే అదీ పోవును. దానిని కోలుకొన్న వ్యాపారముగా చూపించుట మమ్ము మేము మోసగించుకొనుటయే అగును.

ఆ మూడవ వరుసను తీసివేయగా మిగిలిన రోజువారీ సగటు అమ్మకము ఇట్లున్నది. అక్టోబరు మొదటి ఆరు రోజులు 5,200 రూపాయలు. తరువాతి వారము 8,100. ఆపై 9,600, 10,400. నవంబరు 3తో ముగిసిన వారము 11,400. వరదకు పూర్వము జూన్ నుండి ఆగస్టు వరకు మా సగటు 18,000. అనగా నూటికి అరువది మూడు వంతుల దాకా తిరిగి వచ్చినాము.

అయితే హోటలువాడు తన చేతితో వ్రాసుకొన్న గల్లా పుస్తకమును బ్యాంకు ఎందుకు నమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానము మాకు వంటగదిలో దొరికినది. మేము వాడే పందొమ్మిది కిలోల వాణిజ్య గ్యాసు సిలిండర్లకు ప్రతి దానికీ ఏజెన్సీ బిల్లు ఉంటుంది. వరదకు ముందు నెలకు ఇరువది రెండు సిలిండర్లు పట్టేవి. అక్టోబరులో పదకొండు పట్టినవి. ఆ నెల గల్లా మొత్తము సుమారు 2 లక్షల 73 వేలు. పూర్వపు నెలసరి 5 లక్షల 40 వేలు. రెండు లెక్కలూ సగమే చెప్పినవి. అమ్మకమును పెంచి వ్రాయవచ్చును గాని వండకుండా గ్యాసు కాలదు. గల్లా లెక్క సిలిండర్ల లెక్కతో కలియనప్పుడు రెండింటిలో ఒకటి అబద్ధమని ఎవరైనా పోల్చుకొనగలరు. దీనికి తోడు ఫోను ద్వారా వచ్చిన చెల్లింపుల పట్టిక, కరెంటు బిల్లులు, మూడు మాసాలకొకసారి కట్టే జి.ఎస్.టి. పత్రము జతపరచినాము.

ఇక అసలు లెక్క. విద్యార్థి మిత్రులు దీనిని కొంచెము ఓపికతో చదువవలెనని మనవి. మా హోటలులో నూరు రూపాయల అమ్మకము జరిగితే సరుకులకు 46, గ్యాసుకు 7, పొట్లాల సామగ్రికి, చిల్లర ఖర్చులకు 4 పోతాయి. మిగిలేవి 43 రూపాయలు. అమ్మినా అమ్మకపోయినా పడే ఖర్చులను ఈ 43 రూపాయలే మోయవలెను. వరద తరువాత పనివారు కొందరు తమ ఊళ్ళకు పోగా జీతాలు 78 వేలకు దిగినవి. ఇంటి యజమాని మార్చి వరకు అద్దెను 35 వేల నుండి 25 వేలకు తగ్గించి వ్రాసి ఇచ్చినారు. కరెంటు 18 వేలు. వదినగారి బడి ఉద్యోగపు జీతము తోడుగా, మా ఇంటికి హోటలు నుండి కనీసము 18 వేలు కావలెను. మొత్తము 1 లక్షా 39 వేలు. దీనికి బ్యాంకు వడ్డీ ఒక్కటే నెలకు 9,345 చేర్చితే, రోజుకు 11,500 రూపాయల అమ్మకము జరిగినప్పుడే సరికి సరి అవుతుంది.

మేము అప్పటికి చేరినది 11,400. ఈ ఒక్క పోలికలోనే మా ఉత్తరమంతా ఉన్నది. వడ్డీ కట్టగలము. అసలులో ఒక్క రూపాయి కూడా ఇప్పుడు కట్టలేము. పాత వాయిదా 32,614 కడతామని ఎవరైనా మాట ఇస్తే ఆ మాట రెండవ నెలలోనే తప్పుతుంది.

కాలము కూడా మమ్ము తరుముచున్నది. గడువు తప్పిన ఖాతాను బ్యాంకులు ముప్పది రోజులకొక మెట్టు చొప్పున ప్రత్యేక పరిశీలన జాబితాలో క్రిందికి దించుతాయి. తొంబది రోజులు దాటితే అది నిరర్థక ఆస్తి, అనగా మొండి బాకీ. సెప్టెంబరు 5న తప్పిన మా వాయిదా నవంబరు 5 నాటికి అరువది ఒకటవ రోజున, అనగా చివరి మెట్టు మీద ఉన్నది. డిసెంబరు మొదటి వారములో ఆ మెట్టు కూడా జారును. ఇంకొకటి కూడా ఉన్నది. ప్రకృతి వైపరీత్యములలో బ్యాంకులు అనుసరించవలసిన చర్యలపై రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరు 17న ఇచ్చిన ఆదేశములు ఆనాడు వర్తించేవి. వాటి ప్రకారము విపత్తు నాటికి సక్రమముగా ఉన్న ఖాతాను వాయిదాలు మార్చి, మంచి ఖాతాగానే కొనసాగించవచ్చును; కాని ఆ మార్పు విపత్తు జరిగిన మూడు మాసాలలోగా పూర్తి కావలెను. అనగా మాకు నవంబరు నెలాఖరే హద్దు. మేము ఏడు వారాలు రుజువు కొరకు ఆగినందున చేతిలో మిగిలినవి ఇరువది అయిదు రోజులు. ఈ గడువు సంగతి ముందే తెలిసియుంటే మొదటి ఉత్తరములోనే ఆ ఆదేశమును ప్రస్తావించి, రుజువులు తరువాత జతపరుస్తామని వ్రాసియుండేవారము. ఇది మా లోపమే.

నవంబరు 5న ఇచ్చిన రెండవ ఉత్తరములో కోరిక మొదటి వాక్యములోనే ఉన్నది. దానిని క్లుప్తముగా ఇక్కడ ఇస్తున్నాము:

“మా అప్పు ఖాతాలో మిగిలిన అసలు రూ. 10,19,456ను ఈ క్రింది విధముగా తిరిగి చెల్లించుటకు అనుమతి కోరుచున్నాము.

సెప్టెంబరు, అక్టోబరు మాసముల వడ్డీ రూ. 18,690 ఈ ఉత్తరముతో పాటే జమ చేయుచున్నాము.

నవంబరు నుండి 2025 మార్చి వరకు ప్రతి నెల 5వ తేదీన వడ్డీ మాత్రము రూ. 9,345 చెల్లింతుము.

2025 ఏప్రిల్ 5 నుండి 48 మాసములు, నెలకు రూ. 26,348 చొప్పున అసలు, వడ్డీ కలిపి చెల్లింతుము.

నవంబరు 2 నుండి డిసెంబరు 1 వరకు కార్తీక మాసము. మా హోటలు అమ్మకములో మాంసాహారమే ఎక్కువ గనుక ఈ నెలలో రోజుకు సగటు 9,500కు తగ్గునని అంచనా వేయుచున్నాము. ఆ లోటు సుమారు రూ. 25,800. ప్రభుత్వ వరద సహాయముగా మాకు వచ్చిన మొత్తములో రూ. 40,000 దీని కొరకే విడిగా ఉంచినాము. పాసు పుస్తకము నకలు జతపరచినాము.

ఏప్రిల్ నాటికి రోజువారీ అమ్మకము 14,700 చేరనిచో పై వాయిదా మాకు భారమగును. ఫిబ్రవరి నెలాఖరుకు 13,000 కూడా చేరకున్న పక్షమున, మేమే ముందుగా తెలియజేయుదుము.”

కార్తీక మాసపు తరుగుదలను ముందే చెప్పుట విషయమై మా ఇద్దరి మధ్య వాదము జరిగినది. “కోలుకొంటున్నామని చెబుతూ, వచ్చే నెల పడిపోతామని మనమే వ్రాయడమేమిటి?” అని మేము అన్నాము. “చెప్పకపోతే డిసెంబరులో ఆయన పట్టిక చూసి మనము మునిగిపోతున్నామనుకొంటారు. చెబితే అది లెక్కలో ఉన్న సంగతి అవుతుంది” అన్నది అన్న వాదము. అన్న మాటే నెగ్గినది.

మేనేజరు గారు మూడవ రోజున స్వయముగా వచ్చినారు. ముందు వంటగదిలోనికి పోయి సిలిండర్లు లెక్కపెట్టినారు. మునిగిన ఫ్రీజర్ల మీద భీమా సర్వేయరు వ్రాసిన నివేదిక అడిగి చూసినారు. యంత్రాలు బ్యాంకుకు తాకట్టులో ఉన్నవి గనుక వాటి భీమా సొమ్ము బ్యాంకుకే చేరునని, దానిని అసలులో జమ కట్టుకొనక కొత్త ఫ్రీజరు కొనుటకు విడుదల చేయవలెనని మేము విడిగా కోరియున్నాము. ఒక్క ఫ్రీజరు లేనిదే సింగ్‌నగర్ ఎండలో మాంసము నిలువదు, మాంసము నిలువనిదే 14,700 లేదు. దానికి వారు, బిల్లు నేరుగా దుకాణదారునికే చెల్లించునట్లు ఒప్పుకొన్నారు.

తరువాత ఒక ప్రశ్న వేసినారు. దానికి మేము సిద్ధముగా లేము. “పాత వాయిదా కట్టాలంటే రోజుకు అమ్మకము ఎంత కావాలి?” అని అడిగినారు. లెక్క వేసి చూస్తే సుమారు 15,160 వచ్చినది. “కొత్త వాయిదాకు 14,700, పాతదానికి 15,160. తేడా రోజుకు అయిదు వందలలోపే. దాని కోసము గడువు పొడిగించుకొని మీరు అదనముగా ఎంత వడ్డీ కడుతున్నారో చూసుకొన్నారా?”

చూసుకొనలేదు. ఆ బల్ల మీదనే కూర్చొని కూడినాము. పాత పద్ధతిలో ఇంక మాకు పడే వడ్డీ సుమారు 1 లక్షా 87 వేలు. కొత్త పద్ధతిలో 3 లక్షల 10 వేలు. గడువు 2027 సెప్టెంబరు నుండి 2029 మార్చికి పోయినందుకు మా ధర 1 లక్షా 23 వేల రూపాయలు. వాయిదాల మార్పును మేము అంతవరకు ఒక సహాయముగానే తలచినాము. అది సహాయమే, కాని కొనుక్కొనే సహాయము. నిజానికి మమ్ము నిలబెట్టేది వాయిదా తగ్గుట కాదు, మార్చి వరకు అసలు అడుగకుండుట. ఆ అయిదు మాసాల ఊపిరి చౌక. తరువాతి పొడిగింపే ఖరీదు.

“అయినా నలభై ఎనిమిది నెలలే ఉంచండి సార్. మళ్ళీ ఒక చెడ్డ నెల వస్తే ఆ ఆరు వేల తేడాయే మమ్మల్ని ఖాతా తప్పకుండా కాపాడుతుంది. రెండవసారి మార్చమని మిమ్మల్ని అడగలేము గదా” అన్నారు అన్న. మేనేజరు గారు కొంతసేపు ఆలోచించి మధ్యే మార్గము చెప్పినారు. గడువు నలుబది ఎనిమిది మాసములే. అయితే వరుసగా రెండు నెలలు సగటు అమ్మకము 16,000 దాటితే, ఆపై నెల నుండి పాత మొత్తము 32,614 కట్టుట ప్రారంభించవలెను. ముందుగా కట్టినందుకు రుసుము ఉండదు. ప్రతి నెలా అమ్మకముల పట్టిక, సిలిండరు బిల్లులతో సహా, ఇవ్వవలెను. భీమాను వరదతో కలిపి పూర్తి విలువకు తీసికొనవలెను. ఈ షరతులతో మంజూరు పత్రము నవంబరు 27న వచ్చినది. హామీదారుగా అబ్బా మళ్ళీ సంతకము చేసినారు. ఆయన ఉర్దూలో సంతకము చేయుట చూచి గుమాస్తా ఒకరు నమూనాతో పోల్చుకొన్నారు. అంతే, కార్యము ముగిసినది. హద్దుకు మూడు రోజులు మిగిలినవి.

కార్తీకములో మా సగటు 9,200 పడినది. అంచనా కన్న 300 తక్కువ. విడిగా ఉంచిన నలుబది వేలలో సుమారు ముప్పది వేలు దానికే చెల్లిపోయినవి. పుష్య మాసములో కొంత తేరుకొని 13,000 దాటినాము. ఫిబ్రవరి నెలాఖరుకు మేము పెట్టుకొన్న గుర్తును జనవరిలోనే చేరినామని సంతోషించినాము.

అంతలో 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారములలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినది. వార్త పత్రికలలో వచ్చిన మరునాటి నుండి మా హోటలులో కోడి కూర అడిగినవారు లేరు. బాగుగా ఉడికించిన మాంసముతో భయము లేదని అధికారులు చెప్పినా జనులు వినలేదు. వినకపోవుటలో వారి తప్పూ లేదు. మేము చేపల కూర, గుడ్డు లేని కూరగాయల భోజనము పెట్టి నెట్టుకొచ్చినాము. సగటు 8,000 క్రిందికి దిగినది. మా ఉత్తరములో వరద ఉన్నది, కార్తీకమున్నది, మార్చి 2న మొదలగు రంజాన్ ఉన్నది; కోళ్ళ జబ్బు లేదు. ఏ ప్రతిపాదనలోనూ అన్నీ ఉండవని, కనుకనే కొంత చోటు ఖాళీగా ఉంచుకొనవలెనని అప్పుడు బోధపడినది. ఆ నెల మేము కట్టవలసినది 9,345 మాత్రమే. 32,614 అయి ఉంటే తప్పియుండేవారము. ఉత్తరములో ఇచ్చిన మాట ప్రకారము ఫిబ్రవరి 28న మేమే బ్యాంకుకు పోయి, 13,000 గుర్తుకు క్రింద పడినామని, కారణమిదని, మాంసము అడుగువారు తిరిగి వచ్చుచున్నారని పట్టికతో చెప్పినాము. మేనేజరు గారు పట్టికను ఫైలులో పెట్టి, “పిలవకముందే వచ్చారు” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

రంజాన్ సాయంకాలపు హలీము మమ్ము ఒడ్డున వేసినది. ఏప్రిల్ 5న మొదటి కొత్త వాయిదా కట్టినాము. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో సగటు 16,000 దాటినందున 2025 అక్టోబరు నుండి ఒప్పుకొన్న మాట ప్రకారము పాత మొత్తమును కట్టుట ప్రారంభించినాము. డిసెంబరు వరకు తొమ్మిది వాయిదాలూ తారీఖు తప్పలేదు.

ఈ కథలో మాకు కలిసివచ్చినవి కొన్ని ఉన్నవని దాచరాదు. వరదకు ముందు ఇరువది మూడు వాయిదాలు సక్రమముగా ఉన్నవి. అద్దె తగ్గించిన యజమాని ఉన్నారు. వదినగారి జీతమున్నది. మా వీధిలోనే పొట్లాల బండి నడిపిన ఒకరు వడ్డీ వ్యాపారి వద్ద రోజు కట్టుబడికి అప్పు తీసుకొన్నారు. ఆయనకు ఏ రిజర్వు బ్యాంకు ఆదేశమూ వర్తించదు, ఎవరికి ఉత్తరము వ్రాయవలెనో తెలియదు. సెప్టెంబరు నెలాఖరుకు బండి అమ్మి ఊరు విడిచి పోయినారు. మా ఉత్తరము ఎంత చక్కగా వ్రాసినా అది ఆయన చేతిలో చిత్తు కాగితమే.

మొన్న అబ్బా ఎండబెట్టిన ఆ పాత ఖాతా పుస్తకములను అట్టలు మార్చి కుట్టించినాము. బురద మరక ప్రతి పుట క్రింది అంచున ఒకే ఎత్తులో ఉన్నది. 1987 నాటి పుటలో ఆయన చేతివ్రాతలో ఒక పక్క ఉర్దూలోను, మరొక పక్క తెలుగులోను ఒకే పద్దు ఉన్నది: బియ్యపు కొట్టువారికి బాకీ 640 రూపాయలు, వాయిదా శుక్రవారము. దాని ప్రక్కన వేరొక సిరాతో, చెల్లు అని ఉన్నది. ఏ శుక్రవారమో తారీఖు వేయలేదేమని అడిగితే, “వచ్చే శుక్రవారమే. ఇద్దరికీ తెలుసు” అన్నారు.